మగ్గం బ్లౌజుల పోస్టుల్లో రేటు ఎలా రాయాలి? ఫోటోలో ఉన్న పనికి, ఆ పనికే

ప్రశ్న: "ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ బయట వర్కర్లతో చేయిస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు పెడుతుంటాను. రేటు పెట్టకపోతే 'ఎంత అండీ' అని అడిగి, చెప్పగానే మాయమైపోతున్నారు. 'స్టార్టింగ్ 450' అని పెడితే మగ్గం వర్క్ కూడా ఆ దగ్గర్లోనే ఉంటుందనుకుని వస్తున్నారు. పెద్ద రేటు పెడితే అసలు మెసేజే రావట్లేదు. ఏం చేయమంటారు?"

రేటు పెట్టండి. అయితే మీ దగ్గర జరిగే పనులన్నిటికీ కలిపి ఒక రేటు కాదు. ఆ ఫోటోలో కనిపిస్తున్న బ్లౌజుకి ఈ రోజు ఆర్డరొస్తే ఎంత తీసుకుంటారో, ఆ అంకె ఒక్కటే పెట్టండి. దాని కిందనే ఆ డబ్బులో ఏమేం కలిసి ఉన్నాయో, ఏది కలవలేదో రెండు ముక్కల్లో రాయండి. "స్టార్టింగ్" అన్న మాట ప్లెయిన్ లైనింగ్ బ్లౌజు ఫోటో మీద తప్ప ఇంకెక్కడా వాడకండి. "450 నుంచి 8,000 వరకు" లాంటివి కూడా మానేయండి. మగ్గం వర్క్‌కి వేరుగా మూడు నమూనాలు చూపించి, మూడింటికీ మూడు రేట్లు పెట్టండి. ఇలా చేస్తే అడిగేవాళ్ల సంఖ్య కొంత తగ్గుతుంది. తగ్గేది ఎలాగూ ఇవ్వనివాళ్లే కాబట్టి దానికి కంగారుపడొద్దు.

"స్టార్టింగ్" ఎందుకు దెబ్బ కొడుతుందంటే, చూసేవాళ్ల కళ్లు ఫోటో మీద ఉంటాయి, చెవులు అంకె మీద ఉంటాయి. మీరు చేతులకి జర్దోసీ బార్డరున్న బ్లౌజు ఫోటో పెట్టి "స్టార్టింగ్ 450" అని రాస్తే, ఆమె మనసులో ఆ బ్లౌజుకి 450 పక్కన ఇంకో రెండు మూడు వందలు పడుతుందేమో అనే లెక్క నిలబడిపోతుంది. తర్వాత మీరు 3,400 అనగానే ఆమెకి అది పని విలువలా అనిపించదు, రేటు పెంచేశారని అనిపిస్తుంది. ఇదే బ్లౌజు కింద మొదటే 3,400 అని ఉండుంటే, వద్దనుకునే ఆమె ఊరుకునేది, కావాలనుకునే ఆమె సిద్ధపడి వచ్చేది. "ఇంత నుంచి ఇంత వరకు" అనే వరుసకీ ఇదే జబ్బు. కట్టేవాళ్లు కింది అంకె చదువుతారు, కుట్టేవాళ్లు పై అంకె తలచుకుంటారు, మధ్యలో మాటామాటా వస్తుంది.

ఇక "రేటు కోసం మెసేజ్ చేయండి" అనేదాని సంగతి. మెసేజ్ పెట్టాక వద్దనడం చాలామందికి మొహమాటం. అందుకే అడగకుండానే వెళ్లిపోయేవాళ్లు కొందరు, అడిగి రేటు విన్నాక జవాబివ్వకుండా ఊరుకునేవాళ్లు కొందరు. మీకు కనిపిస్తున్న మాయమైపోవడం చాలావరకు ఇదే. వాళ్లు మీ రేటు ఎక్కువన్నట్టు కాదు, ఎంత ఉంటుందో తెలియకుండా వచ్చి ఇరుక్కున్నట్టు.

ముందు మీ కనీస రేటు మీకు తెలియాలి. ఇది తేల్చుకోకుండా పోస్టులో ఏ అంకె పెట్టినా అది పక్క వీధి టైలర్ని చూసి పెట్టిందే అవుతుంది. ఊరిని బట్టి, కూలిని బట్టి అంకెలు మారతాయి. లెక్క వేసే పద్ధతి అర్థం కావడానికి ఒక ప్లెయిన్ లైనింగ్ బ్లౌజు తీసుకుందాం. లైనింగ్ గుడ్డకి 80, దారం, హుక్కులు, మెడకి వేసే క్యాన్వాస్‌కి 20, కటింగ్‌కి 60, మిషన్ కుట్టుకూలి 200, హుక్కులు, హెమ్మింగ్ లాంటి చేతి కుట్టుకి 40, అద్దె, కరెంటు, ఇస్త్రీ వాటా 70 అనుకోండి. మొత్తం 470. కుట్టి ఇచ్చినవాటిలో కొన్ని చంక దగ్గర బిగుతుగా ఉందనో, భుజం జారుతోందనో వెనక్కి వస్తాయి. ఆరింటిలో ఒకటి వస్తుందనీ, ఒక్కోదాని మీద 60 రూపాయల పని పడుతుందనీ అనుకుంటే, ప్రతి బ్లౌజు మీదా ఇంకో 10 వేసుకోవాలి. 480 అయింది.

ఈ లెక్క ప్రకారం "స్టార్టింగ్ 450" అంటే ప్రతి బ్లౌజుకీ 30 రూపాయలు ఎదురిచ్చి కుడుతున్నట్టు. ఇంట్లో కుట్టేవాళ్లకి ఈ నష్టం కనపడదు. ఎందుకంటే కటింగ్ 60, కుట్టు 200, చేతి కుట్టు 40 తమ చేతికే వస్తాయి కాబట్టి వాటిని ఖర్చులో రాయరు. రాయాలి. శ్రావణంలో చేతినిండా ఆర్డర్లొచ్చి, పక్కన ఇంకో టైలర్ని పెట్టుకోవాల్సి వచ్చిన రోజున ఆ 300 బయటికి ఇవ్వాల్సిందే. అప్పుడు కొత్తగా రేటు పెంచితే పాత కస్టమర్లు ఒప్పుకోరు. మీ కూలి మీరు తీసుకున్నాక, దాని మీద మిగిలేదే లాభం. పై లెక్కకి 650 పెడితే 170 మిగులుతుంది. పోస్టులో పెట్టే అతి తక్కువ అంకె అదే కావాలి. ఆ రేటుకి ఒకేసారి ఇరవై బ్లౌజులొచ్చినా సంతోషంగా తీసుకోగలిగే అంకె అయితేనే అది బయటికి చెప్పదగ్గ అంకె.

మగ్గం వర్క్‌లో రేటు దేని మీద ఆధారపడుతుందో కస్టమర్‌కి తెలియదు. ఆమెకి కనిపించేది డిజైను. రేటు నిర్ణయించేది పని పట్టే గంటలు. ఆ గంటలు చాలావరకు బార్డరు ఎన్ని అంగుళాల వెడల్పుందో, లోపల ఎంత నిండుగా నింపారో వీటి మీద ఉంటాయి. మీ పోస్టులో ఈ రెండూ లేకపోతే ఎంత పెట్టినా ఎక్కువే అనిపిస్తుంది.

ఒకటి పూర్తిగా లెక్కేద్దాం. మోచేతి వరకు చేతులు, చేతి అంచు చుట్టుకొలత 12 అంగుళాలు, 2 అంగుళాల బార్డరు, బ్యాక్ నెక్ చుట్టూ వర్క్, ఫ్రంట్ నెక్‌కి సన్నటి గీత. దీనికి రెండు చేతులకీ కలిపి 8 గంటలు, బ్యాక్ నెక్‌కి 4, ఫ్రంట్ నెక్‌కి 2, మొత్తం 14 గంటలు పట్టిందనుకోండి. వర్కర్‌కి గంటకి 100 ఇస్తే 1,400. పూసలు, జర్దోసీ, కుందన్లు, సిల్క్ దారం 350. డిజైన్ కాగితం మీద గీసి, సూదితో పొడిచి, గుడ్డ మీద అచ్చు వేసి, మగ్గానికి బిగించడానికి 150. ఇప్పటికి 1,900.

దాని మీద కుట్టు. వర్క్ ఉన్న బ్లౌజు కుట్టడం మామూలు బ్లౌజు కుట్టినట్టు ఉండదు. కుట్టు పడే గీత మీద పూసలుంటే వాటిని తీసేసి కుట్టాలి, లేకపోతే సూది విరుగుతుంది. తీసిన చోట మళ్లీ చేత్తో కుట్టి కలపాలి. అందుకని కుట్టు ఖర్చు 480 బదులు 550 వేసుకోండి. మొత్తం 2,450. దారం తెగి పూసలు ఊడొచ్చాయంటే ఉచితంగా సరిచేసి ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి దానికో 100 పక్కన పెట్టండి. 2,550. ఈ బ్లౌజుని 3,400కి ఇస్తే 850 మిగులుతుంది. డిజైన్ మాట్లాడటానికి, వర్కర్ దగ్గరికి రెండు మూడుసార్లు తిరగడానికి, పెళ్లి తేదీకి అందించే బాధ్యత మోయడానికి అది పెద్ద మొత్తమేమీ కాదు.

ఇప్పుడు ఆమె ఇంకో ఫోటో పంపించి "ఇలాగే, కాస్త బార్డరు పెద్దగా" అంటుంది. అందులో బార్డరు 4 అంగుళాలుంటుంది. చూడ్డానికి కాస్తే. లెక్కలో 12 అంగుళాల చేతికి 2 అంగుళాలంటే 24 చదరపు అంగుళాల పని, 4 అంగుళాలంటే 48. చేతుల పని రెట్టింపు, అంటే 8 గంటలు 16 అయ్యాయి. కూలి 800, సామాను 150, మొత్తం 950 ఖర్చు పెరిగింది. దాని మీద మీ లాభం కూడా వేసుకుంటే 1,250 పెంచి 4,650 చెప్పాలి. ఈ తేడా ముందుగా పోస్టులోనే తెలిసేలా ఉంటే బేరం రాదు. ఫోటోలో బార్డరు పక్కన టేపు పెట్టి ఒక షాట్ తీయండి. అది చూసినామె తన దగ్గరున్న ఫోటోని తనే అంగుళాల్లో చూడటం మొదలుపెడుతుంది.

పోస్టు కింద రాయాల్సింది ఇంతే ఉంటే చాలు:

"డిజైన్ నంబర్ 14. ఈ బ్లౌజు 3,400. హ్యాండ్స్‌కి 2 అంగుళాల బార్డరు, బ్యాక్ నెక్, ఫ్రంట్ నెక్ వర్క్, లైనింగ్, కుట్టుకూలి అన్నీ కలిపి. బ్లౌజు గుడ్డ మీది. ప్యాడ్స్, లట్కన్లు, చీర ఫాల్ వేరు. బార్డరు వెడల్పు పెరిగితే అంగుళానికి 625. ఆర్డరిచ్చాక 12 రోజులు. సగం అడ్వాన్సు. ఈ రేటు దసరా వరకు."

ఇందులో మొదటి రెండు ముక్కలు ఎప్పుడూ ముందే ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ పెద్దదైతే మొదటి వరుస, రెండో వరుస తర్వాత దాగిపోతుంది, నొక్కితేనే మిగతాది తెరుచుకుంటుంది. దేవుడి దండకంలా పొగడ్తలు మొదలుపెట్టి రేటు చివర్లో రాస్తే ఎవరూ అంతదాకా రారు.

"అంగుళానికి 625" అన్నది పై లెక్కలోదే. 2 అంగుళాలు పెరిగితే 1,250, సగం చేస్తే 625. అయితే ఇది ఇంతే నిండుగా ఉన్న డిజైనుకే వర్తిస్తుంది. ఖాళీలు వదిలి చిన్న చిన్న బుటీలు వేసే డిజైనుకీ, గుడ్డ కనపడకుండా కుందన్లు నింపే డిజైనుకీ ఒకే అంగుళం రేటు వాడకండి. పలుచటి డిజైను కస్టమర్‌కి రేటు ఎక్కువనిపిస్తుంది, నిండు డిజైను దగ్గర మీరు మునుగుతారు.

లైనింగ్ కలిపారో లేదో రాయడం మరిచిపోవద్దు. మన దగ్గర గొడవలు ఎక్కువగా లైనింగ్ దగ్గరా, ఫాల్ దగ్గరా వస్తాయి. మొత్తం మీద 80 రూపాయలకి సంబంధించిన మాటే అయినా, బిల్లులో చివర్లో కనిపిస్తే అది 800లా తగులుతుంది. గుడ్డ విషయంలోనూ అంతే. చీరతో వచ్చే బ్లౌజు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లే ఉంటుంది. పెద్ద కొలతలకి మోచేతి చేతులు అందులో రావు, అతుకు పడుతుంది. "పెద్ద సైజుకి ఎక్స్‌ట్రా" అని పోస్టులో రాసి ఎవరినీ నొప్పించకండి. "మోచేతి చేతులకి 1 మీటరు గుడ్డ ఉంటే మంచిది" అని రాస్తే విషయం చేరుతుంది, ఎవరికీ బాధ కలగదు. కొలతలో వచ్చే చిన్న తేడాలు మీ రేటులోనే కలిపేసుకోండి.

రేటుని ఫోటో మీద అచ్చు వేయకండి. క్యాప్షన్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒకసారి పోస్టు చేసిన ఫోటోలో, రీల్‌లో ఉన్న అంకెని మార్చలేరు, తీసేసి మళ్లీ పెట్టుకోవాలి, దానితోపాటు లైకులూ కామెంట్లూ పోతాయి. రెండేళ్ల క్రితం రీల్ ఎవరో చూసి "మీరే 2,200 అన్నారుగా" అని స్క్రీన్‌షాట్ పంపితే సమాధానం చెప్పడం కష్టం. ఇంకో పక్క, క్యాప్షన్‌లో మాత్రమే రాస్తే, ఆ ఫోటోని ఎవరైనా సేవ్ చేసి వాట్సాప్‌లో పంపించినప్పుడు రేటు రాదు. దీనికి తేలిక మార్గం డిజైన్ నంబరు. ఫోటో మూలన "14" అని, మీ షాపు పేరు వేయండి. నంబరు ఎప్పటికీ మారదు, ఆ నంబరుకి ఈ నెల రేటెంతో మీ దగ్గర ఒక నోట్‌బుక్కులో ఉంటుంది. వాట్సాప్ స్టేటస్ ఒక్క రోజే ఉంటుంది కాబట్టి అక్కడ ఫోటో మీద రేటు వేసినా ఇబ్బంది లేదు. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ ఉంటుంది, అందులో ఒక్కో డిజైనుకీ నంబరు, రేటు పెట్టి, రేటు మారినప్పుడు అక్కడొక్కచోటే మార్చుకోవచ్చు. "ఎంత అండీ" అన్నవాళ్లకి ఆ డిజైను లింకు పంపితే సరిపోతుంది.

పెద్ద రేటు చూసి భయపడుతున్నారంటే, చాలాసార్లు ఆ అంకె ఒంటరిగా ఉండటమే కారణం. 4,650 పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే, పోల్చుకునేది ఆమె రోజూ కట్టుకునే 650 బ్లౌజుతోనే. అందుకే మూడు నమూనాలన్నాను. ఒకే రంగు గుడ్డ మీద, ఒకే రకం డిజైను మూడు స్థాయిల్లో చేయించి ఒకే పోస్టులో వరుసగా పెట్టండి. మొదటిది హ్యాండ్స్‌కి అంగుళం బార్డరు మాత్రమే, మెడకి పైపింగ్. రెండోది పైన లెక్కేసిన 3,400ది. మూడోది 4 అంగుళాల బార్డరుది, 4,650. పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు పెరుగుతున్నకొద్దీ గుడ్డ మీద ఏం పెరుగుతోందో కళ్లకి కనిపిస్తుంది, మాటల్లో చెప్పనక్కర్లేదు. ఎక్కువమంది మధ్యదాని దగ్గర ఆగుతారు. కాబట్టి మధ్యది మీకు బాగా గిట్టుబాటయ్యేదీ, మీ వర్కర్లు నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చేయగలిగేదీ అయి ఉండాలి.

మొదటి నమూనా మీద చిన్న జాగ్రత్త. తక్కువ రేటు కదా అని దాన్ని వెలిసిపోయినట్టు ఫోటో తీసి, మూడోదాన్ని మెరిసేలా తీయకండి. హ్యాండ్స్‌కి అంగుళం బార్డరు వేయించుకునే ఆమె ఇంట్లో శుభకార్యం కోసమే వేయించుకుంటోంది. ఆ బ్లౌజు కూడా అందంగానే కనిపించాలి, అది మీరు మనసుపెట్టి చేసిన పనే.

ఆ పోస్టుని ప్రొఫైల్‌లో పైన పిన్ చేయండి. ప్లెయిన్ బ్లౌజు రేట్లు, అంటే లైనింగ్, ప్రిన్సెస్ కట్, ప్యాడెడ్, బోట్ నెక్‌లవి, స్టోరీగా పెట్టి "రేట్లు" అనే హైలైట్‌లో దాచండి. ఈ రెండు రకాల పనీ ఒకే పోస్టులో కలపకండి. మీకు 450 రేటు మగ్గానికి అంటుకున్నది అలా కలపడం వల్లే.

ఫోటోలో వెనకవైపు, లోపలివైపు కూడా చూపించండి. రేటుని నిలబెట్టేది అదే. లైనింగ్ మడత ఎంత శుభ్రంగా ఉందో, లోపల కుట్టుకి పక్కన ఎంత గుడ్డ వదిలారో, ఓవర్‌లాక్ ఉందో లేదో, మగ్గం వర్క్ వెనక దారాలు ముడి వేసి ఉన్నాయో వేలాడుతున్నాయో, బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ తెలుసు. తక్కువ రేటుకి చేసేవాళ్లు లోపలివైపు ఫోటో పెట్టలేరు. "నాణ్యమైన పని" అని పదిసార్లు రాసేకన్నా తిరగేసిన బ్లౌజు ఫోటో ఒకటి ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక మెసేజ్‌లో. రేటు అడిగినామెకి మొదటి మాటలోనే రేటు చెప్పండి. "హాయ్ అండీ, ఏ డిజైన్ కావాలి, ఎప్పటికి కావాలి, మీది ఏ ఊరు" అని ఎదురు ప్రశ్నలు మొదలుపెడితే దాస్తున్నారనిపిస్తుంది. జవాబు ఇలా ఉంటే చాలు: "14 నంబరు 3,400 అండీ, లైనింగ్, కుట్టు కలిపి. ఫంక్షన్ ఎప్పుడండీ? చీర ఏ రకం? పట్టా, జార్జెట్టా?" తేదీ, గుడ్డ, ఈ రెండే ముందు కావాలి. తేదీ దగ్గరగా ఉంటే అర్జెంట్ రేటు వస్తుంది. జార్జెట్, నెట్ లాంటి పలుచటి గుడ్డ అయితే వర్క్ బరువుకి సాగకుండా కింద ఇంకో గుడ్డ వేసి చేయాలి, దానికి కొంత అదనం. ఈ రెండూ తెలిశాక "గుడ్డ చూశాక ఖాయం చేస్తాను, 3,400కీ 3,700కీ మధ్యలో ఉంటుంది" అనొచ్చు. మెసేజ్‌లో చిన్న తేడా చెప్పడం వేరు, పోస్టులో పెద్ద వరుస పెట్టడం వేరు.

బేరమాడితే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "3,000కి రాదా అక్కా" అంటే, "బార్డరు 2 అంగుళాల బదులు ఒకటిన్నర చేద్దామమ్మా, 3,100కి వస్తుంది" అనండి. లెక్క చూడండి. చేతుల పనిలో పావు వంతు, అంటే 2 గంటలు తగ్గుతాయి. కూలి 200, సామాను 40 దాకా మిగులుతుంది. మీరు 300 తగ్గించినా లాభంలో పోయేది 60. అదే పని చేసి ఊరికే 400 తగ్గించుంటే 850లో సగం పోయేది, పైగా ఆ రేటు ఆమె చెల్లెలికీ, పక్కింటామెకీ చేరేది. ఒక వీధిలో ఇద్దరికి రెండు రేట్లు చెప్పారన్న మాట వచ్చిందంటే పోస్టులో ఎంత నిజాయితీగా రాసినా నమ్మరు.

రేటు సరిగ్గా ఉందో లేదో తెలిసేది లైకుల్లో కాదు, చాటుల్లో. నెలకోసారి పాత మెసేజ్‌లు తిరగేసి, రేటు విన్న తర్వాత ఏమన్నారో చూడండి. రేటు విన్న వెంటనే దాదాపు అందరూ ఒక్క మాట కూడా అనకుండా అడ్వాన్సు పంపేస్తుంటే, మీరు తక్కువ పెట్టారు. రేటు విన్నాక తేదీ, గుడ్డ, డిజైను మార్పుల గురించి మాట్లాడి, అందులో కొందరు ఆర్డరిచ్చి కొందరు ఆగిపోతుంటే రేటు సరైన చోటే ఉంది. రేటు విన్నాక ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయకపోతే అప్పుడు తగ్గించే ముందు ఫోటో చూసుకోండి. వర్క్ దగ్గరగా కనిపిస్తోందా, కొలత రాశారా, ఏం కలిసి ఉందో రాశారా? అవన్నీ ఉన్నా ఎవరూ కదలకపోతే, మీ పోస్టు చూస్తున్నవాళ్లు ప్లెయిన్ బ్లౌజు కోసం వచ్చినవాళ్లై ఉంటారు. వాళ్ల కోసం మగ్గం రేటు తగ్గించడం వల్ల వాళ్లు కొనరు, కొనేవాళ్ల దగ్గర మీరు నష్టపోతారు.

ఆషాఢం ఆఫర్ల గురించి. చీరల షాపులు తగ్గిస్తున్నాయి కదా అని కుట్టుకూలి తగ్గించకండి. వాళ్లకి మిగిలిపోయిన సరుకు అమ్ముకోవాలి, మీకు మిగిలిపోయిన సరుకేదీ లేదు, మీ చేతుల్లో గంటలున్నాయి అంతే. ఆషాఢంలో 3,400ని 2,800 చేస్తే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికీ, పెళ్లిళ్లకీ 3,400 ఎవరూ ఇవ్వరు. దాని బదులు "ఆషాఢంలో కొలతలు, గుడ్డ ఇచ్చినవాళ్లకి శ్రావణంలో అర్జెంట్ రేటు పడదు, తేదీ ఖాయం" అని పెట్టండి. మీకు ఖాళీ నెలలో పని దొరుకుతుంది, వాళ్లకి రద్దీ నెలలో నిశ్చింత దొరుకుతుంది, రేటు మాత్రం కదలదు. అర్జెంట్ రేటు కూడా ముందే రాసి ఉంచాలి. "5 రోజుల్లోపు కావాలంటే 600 అదనం" అని క్యాప్షన్‌లో ఉంటే న్యాయంగా ఉంటుంది, పెళ్లి ముందు రోజు నోటితో చెబితే అవసరం చూసి గుంజినట్టుంటుంది.

రేటు పెంచాల్సి వచ్చినప్పుడు తేదీ చెప్పి పెంచండి. "దసరా తర్వాత 14 నంబరు 3,700" అని రెండు వారాల ముందు స్టోరీ పెట్టి, అప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి పాత రేటే ఉంచి, ఆ రోజున పాత పోస్టుల క్యాప్షన్లన్నీ కూర్చుని మార్చేయండి. 5,000 కొట్టేసి 3,400 అని రాయడం మాత్రం వద్దు. మీరు ఎప్పుడూ 5,000కి ఇవ్వలేదని మీ దగ్గర కుట్టించుకున్నవాళ్లకి తెలుసు, ఆ పోస్టు చూసేది వాళ్లే.

అమెరికా నుంచో, బెంగళూరు నుంచో అడిగేవాళ్లకి వేరే రేటు చెప్పొద్దు. పోస్టులో ఉన్నదే చెప్పి, కొరియర్ ఖర్చు అసలెంతయితే అంత వేరుగా అనండి. అక్కడున్నవాళ్ల అమ్మో, అక్కో మీ ఊళ్లోనే ఉంటారు, రేటు నిమిషంలో తెలుస్తుంది. వాళ్లకి ట్రయల్ ఉండదు కాబట్టి ఆది జాకెట్టు ఇస్తేనే ఆర్డరు తీసుకుంటామని రాయండి. లోపల రెండు పక్కలా అంగుళం పైనే గుడ్డ వదిలి కుట్టి, వదిలినట్టు ఫోటో తీసి పంపండి. బిగుతైతే అక్కడే విప్పించుకోవచ్చు. వెనక్కి పంపితే రానూపోనూ కొరియర్ ఎవరిదన్నది కూడా అడ్వాన్సు తీసుకునే ముందే రాసి పంపండి.